జూన్‌లో అడిగితే ఆలస్యమే

జనవరి రెండో వారంలో పొద్దున తొమ్మిదిన్నరకు హైదరాబాద్ రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగే గుంపును చూస్తే, మెడలో కొత్త ఐడీ కార్డులతో ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు చాలామందే కనిపిస్తారు. ఎనిమిదో సెమిస్టర్‌లో క్లాసులు పెద్దగా ఉండవు, ప్రాజెక్టో ఇంటర్న్‌షిప్పో ఉంటుంది. అందుకని జనవరి నుంచి జూన్ దాకా ఆరు నెలలు ఏదో ఒక ఆఫీసులో గడుపుతారు. ఈమధ్య ఇలా చేరేవాళ్లలో చాలామంది జీసీసీల్లో చేరుతున్నారు. విదేశీ బ్యాంకులు, రిటైల్ కంపెనీలు, మందుల కంపెనీలు తమ పని తామే చేసుకోవడానికి ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసులే జీసీసీలు. నెలనెలా స్టైపెండ్ వస్తుంది. ఊళ్లో చుట్టాలు "అయితే మావాడికి జాబ్ వచ్చినట్టేగా?" అంటారు.

రాలేదు. చేరేటప్పుడు ఇచ్చే లెటర్ చదివితే తెలుస్తుంది: ఇంటర్న్‌షిప్ అయిపోయాక ఉద్యోగం ఇస్తామన్న హామీ ఇందులో లేదని దాదాపు ప్రతి కంపెనీ ఒక వాక్యం రాసుకుంటుంది. చట్టం కూడా పెద్దగా తోడు రాదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద శిక్షణ పొందినవాళ్లకే, ముందే ఒప్పందంలో రాసుకుంటే తప్ప, యజమాని ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024లో మొదలైనప్పుడు పెద్ద కంపెనీల్లో పన్నెండు నెలల అనుభవం, నెలకు 5,000 రూపాయల సాయం ఉండేవి గానీ, తర్వాత కొలువు ఖాయమన్న మాట అందులోనూ లేదు. కాబట్టి ఇంటర్న్ చేతికి ఆఫర్ లెటర్ రావాలంటే కంపెనీ లోపల ఎవరో కూర్చుని నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయం ఎప్పుడు, ఎవరు, ఏం చూసి తీసుకుంటారో తెలియక బాగా పనిచేసిన పిల్లలు కూడా ఖాళీ చేతులతో వెళ్లిపోతుంటారు. అలాంటి సమావేశాల్లో కూర్చున్నవాడిగా ఆ గది లోపలి సంగతి కాస్త చెబుతాను.

మొదటి సంగతి తేదీ. ఇంటర్న్‌షిప్ జూన్ నెలాఖరుకు ముగుస్తుందని నిర్ణయం కూడా జూన్‌లోనే జరుగుతుందని పిల్లలు అనుకుంటారు. జూలైలో చేరాల్సిన వ్యక్తికి ఆఫర్ ఇవ్వాలంటే హెచ్ఆర్ ముందు సర్టిఫికెట్లు సరిచూడాలి, జీతం స్థాయి తేల్చాలి, విదేశంలో ఉన్న పై మేనేజర్ ఆమోదం తెప్పించాలి. ఇవన్నీ కావడానికి వారాలు పడుతుంది. అందుకని చాలాచోట్ల ఇంటర్న్‌ల జాబితా మీద చర్చ ఏప్రిల్ నెలాఖర్లోనో మే మొదట్లోనో జరిగిపోతుంది. ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లో నిజంగా తూకానికి వచ్చేది మొదటి మూడున్నర నెలలే. అందులోనూ లాప్‌టాప్ రావడం, సిస్టమ్‌లలోకి అనుమతులు దొరకడం, ఆఫీసు పద్ధతులు అర్థం కావడంలోనే జనవరి కరిగిపోతుంది.

రెండో సంగతి ఆ గదిలో ఎవరుంటారన్నది. ఇంటర్న్‌కు రోజూ పని చెప్పే మెంటర్ సాధారణంగా ఉండడు. మేనేజర్, ఆయన పైన డైరెక్టర్, పక్క టీముల మేనేజర్లు ఇద్దరు ముగ్గురు, హెచ్ఆర్ నుంచి ఒకరు ఉంటారు. పన్నెండు మంది ఇంటర్న్‌లు ఉంటే ఒక్కొక్కరి మీద నడిచే చర్చ ఐదు నిమిషాలు మించదు. పక్క టీము మేనేజర్ మీ మొహం కూడా చూసి ఉండడు. "మంచి పిల్ల, కష్టపడుతుంది, త్వరగా నేర్చుకుంటుంది" అని మీ మేనేజర్ అంటాడు. మిగతావాళ్లూ తమ ఇంటర్న్‌ల గురించి సరిగ్గా అదే మాట అంటారు. పన్నెండు మందీ మంచివాళ్లే, కష్టపడేవాళ్లే అయినప్పుడు, ఆ పొగడ్త వల్ల ఎవరూ పైకి రారు. అక్కడ వినేవాళ్లను ఆపేది, మీరు చేసిన పని వల్ల ఏం మారిందో అంకెతో చెప్పే ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని మీ మేనేజర్ సొంతంగా తయారు చేసుకోడు, అంత తీరిక ఆయనకు ఉండదు. దాన్ని మీరే తయారుచేసి ఆయన చేతిలో పెట్టాలి.

ఎలాగో చూడటానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. మనుషులు కల్పితమే గానీ, ఇలాంటివి ప్రతి ఏడాదీ జరిగేవే. ఒక అమెరికన్ రిటైల్ కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో ఒక డేటా టీము ఉంది. దుకాణాల నుంచి రోజూ రాత్రి అమ్మకాల ఫైళ్లు వస్తాయి. పొద్దున ఆ టీము ఇంజినీరు ఒకతను ఏయే ఫైళ్లు రాలేదో చేత్తో వెతుకుతాడు. ఒక్కోసారి అతను కనిపెట్టేలోపే, రిపోర్టులో అంకెలు తప్పుగా ఉన్నాయని అవతలి వాళ్ల నుంచి మెయిల్ వచ్చేస్తుంది. కాకినాడ వైపు కాలేజీ నుంచి వచ్చిన ఒక ఇంటర్న్‌కు ఈ పని అప్పగించారు: "ఫైలు రాకపోతే మనకు ముందే తెలిసేలా ఏదైనా చెయ్యమ్మా."

సాధారణంగా పిల్లలు ఏం చేస్తారంటే, వెంటనే కోడ్ రాయడానికి కూర్చుంటారు. ఈ అమ్మాయి ఫిబ్రవరి మొదటి రెండు వారాలు కోడ్‌తో పాటు ఇంకో పని కూడా చేసింది. ఆ ఇంజినీరు పక్కన కూర్చుని ఒక షీట్‌లో రోజూ నాలుగు సంగతులు రాసుకుంది: ఈరోజు ఎన్ని ఫైళ్లు రాలేదు, ఆ విషయం ఎన్ని గంటలకు తెలిసింది, మొదట ఎవరికి తెలిసింది, వెతకడానికి ఎంతసేపు పట్టింది. పది పనిదినాలకు లెక్క తేలింది. మొత్తం ఏడుసార్లు ఫైళ్లు రాలేదు. అందులో ఐదు అవతలి వాళ్ల ఫిర్యాదు వచ్చాకే తెలిశాయి. వెతుకులాటకు రోజుకు సగటున 45 నిమిషాలు పట్టింది.

ఈ చిన్న షీటే మొత్తం కథకు ఆధారం. పని పూర్తయ్యాక 'ముందు ఎలా ఉండేది?' అని ఎవరైనా అడిగితే, ముందటి స్థితి అప్పటికే మాయమైపోయి ఉంటుంది. కొత్త ఏర్పాటు నడవడం మొదలైన వారానికి పాత ఇబ్బంది ఎవరికీ గుర్తుండదు. ఇంటర్న్‌లు పోగొట్టుకునేవాటిలో దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. పని చేస్తారు, కానీ పోల్చి చూపడానికి ఏమీ మిగుల్చుకోరు.

మార్చి రెండో వారానికి ఆమె రాసిన స్క్రిప్టు టీము వాడకంలోకి వచ్చింది. పొద్దున ఆరున్నరకు ఫైళ్లన్నీ సరిచూసి, ఏది రాలేదో టీము గ్రూపులో సందేశం పెడుతుంది. తర్వాతి ఇరవై పనిదినాలూ అదే షీట్‌లో అవే నాలుగు సంగతులు రాసింది. పదకొండు సార్లు ఫైళ్లు తప్పాయి. పదిసార్లు అవతలి వాళ్లకంటే ముందే టీముకు తెలిసింది. ఒక్కసారి మాత్రం ఫైలు వచ్చింది గానీ లోపల ఖాళీగా ఉంది. స్క్రిప్టు దాన్ని పట్టుకోలేకపోయింది. ఆమె ఆ వారంలోనే ఫైల్లో వరుసల సంఖ్యను కూడా చూసేలా మార్చింది. పొద్దున వెతుకులాట 45 నిమిషాల నుంచి 10 నిమిషాలకు దిగింది. రోజుకు 35 నిమిషాలు, ఇరవై రోజులకు 700 నిమిషాలు, అంటే నెలకు పదకొండున్నర గంటల పైచిలుకు ఒక ఇంజినీరు సమయం మిగిలినట్టు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. మొదట పది రోజుల్లో ఏడుసార్లు తప్పాయి, తర్వాత ఇరవై రోజుల్లో పదకొండు సార్లే. చూడగానే 'తప్పే ఫైళ్లు కూడా తగ్గించాను' అని రాసుకోవాలనిపిస్తుంది. ఆ అమ్మాయి రాయలేదు, రాయకపోవడమే మంచిదైంది. ఫైళ్లు రాకపోవడానికి కారణం దుకాణాల వైపు నెట్‌వర్క్. ఆమె స్క్రిప్టు దాన్ని బాగుచేయలేదు, ముందుగా చెప్పింది, అంతే. ఆ గదిలో డైరెక్టర్ "అదెలా తగ్గింది?" అని ఒక్క ప్రశ్న వేస్తే మేనేజర్ నీళ్లు నమలాల్సి వస్తుంది. తన ఇంటర్న్ వల్ల ఒకసారి ఇబ్బంది పడ్డ మేనేజర్ రెండోసారి గట్టిగా మాట్లాడడు. పట్టుకోలేకపోయిన ఆ ఒక్క ఖాళీ ఫైలు సంగతి కూడా ఆమె దాచకుండా రాసింది. అది ఉండటం వల్లే మిగతా పది నమ్మేలా ఉన్నాయి.

ఇదంతా మేనేజర్‌కు చేరే దారి కూడా ముఖ్యమే. ఆమె ప్రతి శుక్రవారం సాయంత్రం మెంటర్‌కూ మేనేజర్‌కూ కలిపి ఐదారు వాక్యాల మెయిల్ పంపేది: ఈ వారం ఏం పూర్తయింది, దాంతో ఏం మారింది, ఎక్కడ ఆగాను, వచ్చే వారం ఏం చేస్తాను. 'ఎక్కడ ఆగాను' అన్న వాక్యం వదిలేయకూడదు. ఒక డేటాబేస్ అనుమతి పన్నెండు రోజులుగా రాలేదని అందులో రాయబట్టే మేనేజర్ ఒక ఫోన్ చేసి తెప్పించాడు. నోటితో చెప్పుకుంటే సిగ్గుపడి ఇంకో పన్నెండు రోజులు కూర్చునేదే. అన్నట్టు ఈ షీట్, ఈ లెక్కలు కంపెనీ సిస్టమ్‌లోనే ఉండాలి. సొంత మెయిల్‌కు పంపుకోవడం, దుకాణాల పేర్లతో సహా లింక్డ్‌ఇన్‌లో పెట్టడం చేస్తే, ఆఫర్ సంగతి దేవుడెరుగు, ఉన్న ఇంటర్న్‌షిప్పే ఊడుతుంది.

'నాకు అలాంటి పని ఇవ్వలేదు, ఎవరూ వాడని డెమో ఒకటి చెయ్యమన్నారు' అనేవాళ్లు ఉంటారు. నిజమే, చాలామందికి జరిగేది అదే. డెమో బాగుందని అందరూ చప్పట్లు కొడతారు, మర్నాటి నుంచి దాన్ని ఎవరూ తెరవరు. మీ పని ఆ దారిలో పోతోందో లేదో ఫిబ్రవరి నెలాఖరుకు ఒక ప్రశ్నతో తేల్చుకోవచ్చు: రేపు ఇది ఆగిపోతే ఎవరు ఫోన్ చేస్తారు? ఎవరూ చెయ్యరంటే, మెంటర్ దగ్గరికి వెళ్లి, టీము రోజూ వాడే దాంట్లో చిన్న ముక్క ఏదైనా ఇవ్వమని అడగాలి. చిన్నదైనా ఫర్వాలేదు. మెంటర్లకు వాయిదా వేస్తూ వచ్చిన చిల్లర పనులు ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి, అడిగితే సంతోషంగా ఇస్తారు.

ఇక అడగడం. మన పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. కష్టపడి చేస్తే వాళ్లే గుర్తించి పిలిచి ఇస్తారని కొందరి నమ్మకం. అడిగితే చులకనవుతామేమోనని మరికొందరి భయం. చివరికి జూన్ రెండో వారంలో, వెళ్లిపోయే ముందు, "సర్, ఏమైనా ఛాన్స్ ఉందా?" అని తలుపు దగ్గర నిలబడి అడుగుతారు. అప్పటికి మేనేజర్ చేతిలో ఏమీ ఉండదు.

ఆయన చేతిలో ఎప్పుడు ఉంటుందో తెలియాలంటే ఉద్యోగ ఖాళీ ఎలా పుడుతుందో కొంచెం చూడాలి. ఏ కంపెనీలోనైనా టీముకు ఇంతమంది అని ఒక లెక్క ముందే ఆమోదమై ఉంటుంది. దాన్నే హెడ్‌కౌంట్ అంటారు. ఆ లెక్కలో ఖాళీ ఉండి, దానికి ఒక నంబరు పుడితే తప్ప హెచ్ఆర్ ఎవరికీ లెటర్ ఇవ్వలేదు, ఇంటర్న్ ఎంత గొప్పగా చేసినా సరే. ఈ లెక్క ఏడాది బడ్జెట్‌తో పాటు తేలుతుంది. కొన్ని కంపెనీలకు ఆ ఏడాది జనవరిలో మొదలవుతుంది, కొన్నింటికి ఏప్రిల్‌లో. అమెరికన్ రిటైల్ కంపెనీలు చాలావాటికి ఫిబ్రవరిలో. మధ్యలో పుట్టే ఖాళీలు ఎక్కువగా ఎవరో రాజీనామా చేయడం వల్ల వచ్చేవి. మన ఐటీ కంపెనీల్లో నోటీసు గడువు చాలాచోట్ల 90 రోజులు. అంటే మార్చిలో రాజీనామా చేసినవాళ్లు జూన్‌లో వెళ్తారు, సరిగ్గా మీ ఇంటర్న్‌షిప్ ముగిసే సమయానికి. కాకపోతే ఆ వెళ్లేది ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లయితే, ఆ స్థానాన్ని ఫ్రెషర్ స్థాయికి దించి నింపుకోవాలా వద్దా అన్నది మేనేజర్ పైవాళ్లను ఒప్పించాల్సిన విషయం. మీరు అక్కడే ఉన్నారని, రావడానికి సిద్ధంగా ఉన్నారని ఆయనకు అప్పుడే తెలిసి ఉంటే ఆ ఆలోచన వస్తుంది. తెలియకపోతే మళ్లీ ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లకే ప్రకటన వేస్తాడు.

మన ఉదాహరణలోని అమ్మాయి మార్చి మూడో వారంలో మేనేజర్ క్యాలెండర్‌లో అరగంట అడిగి తీసుకుంది. "మీతో జూన్ తర్వాతి సంగతి మాట్లాడాలి సర్" అని ముందే రాసింది, ఆయన కొంచెం ఆలోచించుకుని వస్తాడని. సంభాషణ ఇలా నడిచింది.

"ఈ టీములో కొనసాగాలని నాకు ఉంది సర్. జూలైకి ఫ్రెషర్ స్థాయిలో ఇక్కడ ఓపెనింగ్ ఏమైనా వచ్చే అవకాశం ఉందా?"

"ఇప్పటికైతే లేదమ్మా. ఒకటి రావొచ్చు, ఖాయంగా చెప్పలేను."

"సరే సర్. ఇంటర్న్‌ల మీద నిర్ణయం ఎప్పుడు తీసుకుంటారు? అప్పుడు నా పనిలో ఏం చూస్తారో తెలిస్తే నేను సిద్ధం చేసిస్తాను."

"ఏప్రిల్ నాలుగో వారం. ఒక పేజీ ఇవ్వు చాలు. నాకు అంకెలు కావాలి, కథ వద్దు."

"ఇక్కడ రాకపోతే పక్క టీముల్లో ఎవరితోనైనా మాట్లాడమంటారా? మీరు ఒక మాట చెబితే నేను వెళ్లి కలుస్తాను."

ఆమె 'నాకు ఉద్యోగం ఇస్తారా' అని అడగలేదని గమనించండి. ఆ ప్రశ్నకు మేనేజర్ ఒంటరిగా జవాబు చెప్పలేడు, అందుకే "చూద్దాం" అని తప్పించుకుంటాడు. ఖాళీ ఉందా, తేదీ ఎప్పుడు, ఏం కావాలి, పక్కన ఎవరున్నారు అన్నవి ఆయన చెప్పగలిగినవి. అప్పటికీ "చూద్దాం" అనే వస్తే, "అయితే ఏప్రిల్ పదో తేదీకి మళ్లీ ఒకసారి అడగొచ్చా సర్?" అని తేదీ పెట్టుకుని రావాలి. ఆ సాయంత్రమే మాట్లాడుకున్నది రెండు వాక్యాల్లో మెయిల్ చేయాలి. మధ్యలో మేనేజర్ మారిపోవడం జీసీసీల్లో మామూలే. కొత్తగా వచ్చినాయనకు మీ గురించి దొరికే ఆనవాలు ఆ మెయిళ్లే.

ఏప్రిల్‌లో ఆమె ఇచ్చిన ఒక పేజీలో సగం పైన చెప్పిన అంకెలే. మిగతా సగంలో ఆ స్క్రిప్టును ఇంకొకరు నడపడానికి కావలసిన వివరాలు, జూన్ తర్వాత తాను ఉంటే చేయగలిగే తర్వాతి పని ఒకటి రాసింది. కొందరు ఇక్కడ తెలివి ప్రయోగిస్తారు. తాము లేకపోతే నడవకుండా గుట్టు తమ దగ్గరే ఉంచుకుంటే కంపెనీ వదులుకోదని అనుకుంటారు. కంపెనీ నిక్షేపంగా వదులుకుంటుంది. ఇంటర్న్ రాసిన అర్థంకాని కోడ్‌ను పక్కన పడేసి పాత పద్ధతికి పోవడం ఏ టీముకూ కష్టం కాదు.

తర్వాత గాలి ఎటు వీస్తోందో కొన్ని గుర్తులు చెబుతాయి. జూన్ దాటి పూర్తయ్యే పనిలో మీ పేరు వేశారా? హెచ్ఆర్ మార్కుల మెమోలు, బ్యాక్‌లాగ్‌ల వివరాలు అడిగారా? ఇవి మంచి గుర్తులు. మేలో మీ పనులన్నీ వేరేవాళ్లకు అప్పగించమంటే, ఆఖరి రోజు ఎప్పుడని రెండుసార్లు అడిగితే, ఈ టీములో కాదని అర్థం చేసుకోవాలి. అది మీ పని మీద తీర్పు కాకపోవచ్చు. అదే ఆఫీసులో అంతే బాగా చేసిన ఇంకో ఇంటర్న్ టీముకు ఆ ఏడాది కొత్త నియామకాలన్నీ ఆపేసి ఉండొచ్చు. హెడ్‌కౌంట్ లేనిచోట ఏ అంకె చూపినా ఖాళీ పుట్టదు. అప్పుడు తెచ్చుకోవలసినవి మూడే: చేసిన పని పేర్కొంటూ మేనేజర్ రాసిన సిఫార్సు, నియామకాలు చూసే హెచ్ఆర్ వ్యక్తి పరిచయం, ఖాళీ తెరుచుకున్నప్పుడు లోపలి నుంచి రిఫర్ చేస్తానన్న ఒకరి మాట. ఆరు నెలల తర్వాత రిఫరల్‌తో తిరిగి వచ్చినవాళ్లు ఉన్నారు.

మన అమ్మాయికి మే రెండో వారంలో "నీ పేరు ఓకే అయింది" అని మేనేజర్ చెప్పాడు. లెటర్ వచ్చింది జూన్ ఐదున, ఆఖరి సెమిస్టర్ బ్యాక్‌లాగ్ లేకుండా పాసవ్వాలన్న షరతుతో. ఆ మూడు వారాలు ఆమె క్యాంపస్ డ్రైవ్‌లు మానలేదు. చాలా కాలేజీల్లో ఒక విద్యార్థికి ఒకే ఉద్యోగమన్న నియమం ఉంటుంది, ఇంటర్న్‌షిప్ మీద వచ్చే ఆఫర్‌ను కూడా అందులో లెక్కేస్తారు. నోటి మాట నమ్మి ప్లేస్‌మెంట్ ఆఫీసులో "నాకు వచ్చేసింది" అని చెబితే జాబితాలోంచి పేరు తీసేస్తారు. ఆ తర్వాత కంపెనీ మనసు మార్చుకుంటే రెండూ పోతాయి. మీ కాలేజీ నియమం ఏమిటో మార్చిలోనే కనుక్కోండి. జీతం, చేరే తేదీ, బాండ్ ఉంటే దాని గడువు రాసి ఉన్న లెటర్ మెయిల్‌లోకి వచ్చేదాకా ఏ డ్రైవూ వదులుకోకండి.